కొత్త స్టాఫ్ నర్సు మొదటి రెండు వారాలు: చెక్‌లిస్ట్‌లో సంతకం ఎప్పుడు పెట్టాలి

150 పడకల ఆసుపత్రిలో కొత్త సిస్టర్లకు ఓరియెంటేషన్ నడిపేవాళ్లం మేం. ఒక నర్సింగ్ ఎడ్యుకేటర్, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లు కలిసి చేసే పని ఇది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో దీనికి వేరే విభాగమే ఉంటుంది, బొమ్మల మీద నేర్పే గది ఉంటుంది. మా లాంటి మధ్యస్థాయి ఆసుపత్రిలో ఉండేవి ఒక చిన్న క్లాస్‌రూమ్, ఒక సీపీఆర్ బొమ్మ, నాలుగు పేజీల చెక్‌లిస్ట్. ఆ నాలుగు పేజీలను ఎలా వాడతామో ఇక్కడ రాస్తున్నాం. అన్ని అంశాలూ చెప్పబోవడం లేదు. రోగికి నిజంగా ప్రాణాపాయం తెచ్చే కొన్నింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం.

మొదట ఫారం సంగతి. చాలాచోట్ల చెక్‌లిస్ట్ అంటే అంశం పేరు, పక్కన టిక్ పెట్టే గడి, చివర సంతకం. ఈ ఫారం పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో నిండిపోతుంది. మేం ఒక గడికి బదులు మూడు పెట్టుకున్నాం: చూసింది, మా ఎదుట చేసింది, ఒక్కతే సరిగ్గా చేసింది. ప్రతి గడికీ తేదీ, సంతకం వేరుగా ఉండాలి. మూడో గడిలో సంతకం పెట్టే మనిషి ఆ పనిని పక్కన నిలబడి కళ్లారా చూసి ఉండాలి. 'వచ్చా?' అని అడిగితే 'వచ్చు మేడమ్' అంటుంది, అది లెక్కలోకి రాదు. కాలేజీలో ఎన్నోసార్లు చేశానని చెప్పినా అంతే. ఒకే రోజు ఒకే సంతకం పదికి మించి అంశాలకు కనిపిస్తే ఎడ్యుకేటర్ ఆ పేజీని వెనక్కి పంపి, వాటిలో రెండింటిని మళ్లీ చేయించి చూస్తుంది.

ఇది జరగాలంటే కొత్త సిస్టర్‌ని మొదటి వారం డ్యూటీ రోస్టర్‌లో లెక్కపెట్టకూడదు. ఎవరో సెలవు పెట్టగానే 'కొత్తమ్మాయి ఉందిగా, ఆరు బెడ్లు ఇచ్చేయండి' అన్న మాట వస్తుంది. ఓరియెంటేషన్ సగం అక్కడే పోతుంది. ఎందుకంటే ఆమెకు నేర్పాల్సిన ప్రిసెప్టర్ కూడా తన ఆరు బెడ్లతోనే తిప్పలు పడుతుంది. రెండో వారంలో ఇద్దరు, ముగ్గురు రోగుల్ని ఇవ్వొచ్చు, అదీ ప్రిసెప్టర్ అదే షిఫ్ట్‌లో, అదే వార్డులో ఉన్నప్పుడే. ఈ రెండు షరతులకు నర్సింగ్ సూపరింటెండెంట్ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే చెక్‌లిస్ట్ ఎంత బాగా ముద్రించినా ఫలితం ఉండదు.

మొదటి రోజు కాగితాల పని. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒరిజినల్, దాని గడువు చూస్తాం. కేరళలోనో తమిళనాడులోనో చదివి వచ్చినవాళ్లకు ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అయిందా లేదా అడుగుతాం. హెపటైటిస్ బి టీకా కార్డు కూడా ఈ రోజే తీసుకోవాలి. 0, 1, 6 నెలలకు మూడు డోసులు పడ్డాయా, ఆ తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించారా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మూడు డోసులూ వేసుకున్నా కొందరిలో రక్షణ రాదు. టైటర్ 10 దాటితేనే రక్షణ ఉన్నట్టు లెక్క. సూది గుచ్చుకున్న రాత్రి ఈ నంబర్ కోసం వెతకడం కంటే మొదటి రోజే ఫైల్లో ఉండటం నయం. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఇప్పించాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. చేరేటప్పుడు వ్యర్థాల మీద శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది.

ఇంకొకటి, కంప్యూటర్ లాగిన్. ఐటీ వాళ్లు 'రెండు రోజుల్లో చేస్తాం' అంటారు. ఆ రెండు రోజులు కొత్త సిస్టర్ పక్కామె ఐడీతో మందులు ఇచ్చినట్టు ఎంట్రీలు చేస్తుంది. తర్వాత రికార్డు తీస్తే ఆ మందు ఎవరిచ్చారో తేలదు. లాగిన్ రాకుండా వార్డులోకి పంపకపోవడమే దీనికి మందు.

వార్డులోకి వచ్చాక మొదటి అంశం రోగిని గుర్తించడం. తేలిక పనిలా కనిపిస్తుంది గానీ మా దగ్గర ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన వార్డుల్లో ఒకే రోజు ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. కొత్త సిస్టర్ మందుల ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి 'లక్ష్మిగారేనా?' అంటుంది. నిద్రమత్తులో ఉన్నావిడ, చెవులు సరిగా వినపడని పెద్దావిడ, భయంతో దేనికైనా సరేననే పేషెంటు, అందరూ 'ఆఁ' అంటారు. మంచం పక్కనున్న అటెండెంట్ అయితే పేరు వినకుండానే తలూపేస్తాడు. కాబట్టి పేరు మనం చెప్పకూడదు, వాళ్ల చేత చెప్పించాలి. 'మీ పూర్తి పేరు చెప్పండమ్మా' అని అడిగి, చేతి బ్యాండ్ మీది పేరు, ఆసుపత్రి ఒక్కో రోగికి విడిగా ఇచ్చే యూహెచ్ఐడీ నంబరు డ్రగ్ చార్ట్‌తో సరిచూడాలి. బెడ్ నంబర్ గుర్తింపు కాదు. సాయంత్రం ఎవరో కిటికీ పక్క మంచం కావాలంటే మార్చేసి ఉంటారు, కేస్ షీట్ మాత్రం పాత బెడ్ నంబర్‌తోనే ఉంటుంది. స్పృహలేని రోగికైతే బ్యాండే ఆధారం. అందుకే బ్యాండ్ తెగిపోయినా, కాన్యులా వేయడానికి కత్తిరించినా, కొత్తది కట్టేవరకు మందు ఆగాలి. ఈ గడిలో సంతకం పెట్టడానికి మేం మందులిచ్చే ఒక రౌండ్ మొత్తం వెనకాల నడుస్తాం. మొదటి ఇద్దరి దగ్గర అందరూ సరిగ్గానే చేస్తారు. ఆరో రోగి దగ్గర చేస్తోందా లేదా అన్నదే చూడాలి.

తర్వాత అంశం వైటల్స్. బీపీ, పల్స్, ఆక్సిజన్ యంత్రం చూపిస్తుంది. శ్వాస మాత్రం మనిషి లెక్కపెట్టాలి. లెక్కపెట్టకుండా 20 అని రాసేయడం ఇంతకుముందు పనిచేసిన చోటి నుంచి వచ్చిన అలవాటు. పట్టుకోవడం కష్టం కాదు. ఒక వార్డు వైటల్స్ షీట్లు వరుసగా పెట్టి శ్వాస గడి మాత్రమే చదవండి. పదిమంది రోగులకూ, మూడు షిఫ్టులకూ 20, 20, 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట.

ఎందుకింత పట్టుదల అంటే లెక్క ఇలా మారిపోతుంది. మేం వాడేది న్యూస్-2 స్కోరు, ఒక్కో వైటల్‌కు మార్కులు వేసి, కలిపి, రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పేది. జ్వరంతో చేరిన రోగి ఒకరు: శ్వాస నిమిషానికి 22, ఆక్సిజన్ పెట్టకుండా శాచురేషన్ 95, పై బీపీ 108, పల్స్ 112, టెంపరేచర్ 38.4 డిగ్రీల సెల్సియస్, మాట్లాడుతున్నాడు. శ్వాసకు 2, శాచురేషన్‌కు 1, బీపీకి 1, పల్స్‌కు 2, జ్వరానికి 1. మొత్తం 7. ఏడు దాటితే, లేదా ఏడుకు చేరితే, అత్యవసరంగా డాక్టర్ రావాలి, రోగిని నిరంతరం గమనిస్తూ ఉండాలి. అదే శ్వాస 20 అని రాస్తే దానికి సున్నా, మొత్తం 5 అవుతుంది. ఐదుకు కూడా డాక్టర్‌కి చెప్పాలి గానీ ఆ ఫోన్‌లో తొందర ఉండదు, ఐసీయూ మాట రాదు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకుతున్న రోగిలో ముందుగా పెరిగేవాటిలో శ్వాస ఒకటి. బీపీ పడిపోయేదాకా ఆగితే గంటలు పోతాయి. కాబట్టి కొత్త సిస్టర్ చేత అర నిమిషం లెక్కపెట్టించి రెట్టింపు చేయిస్తాం, లయ తప్పి ఉంటే నిండు నిమిషం. అదే సమయంలో మేమూ విడిగా లెక్కపెడతాం. రెండు అంకెల మధ్య తేడా రెండుకు మించకూడదు. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి ఛాతీని గమనించమంటాం. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి మార్చేస్తాడు.

స్కోరు వచ్చాక డ్యూటీ డాక్టర్‌కి ఫోన్. ఇది కూడా చేయించి చూసే అంశమే. కొత్తవాళ్ల ఫోన్ సాధారణంగా ఇలా ఉంటుంది: 'సార్, 14వ బెడ్ పేషెంటు బాగాలేడు, ఒకసారి రండి సార్.' డాక్టర్ 'వస్తా' అంటాడు, మరో వార్డులో పనిలో ఉండిపోతాడు. మేం నేర్పే ఫోన్ ఇది: 'సార్, మేల్ మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. 14వ బెడ్‌లో 52 ఏళ్ల పేషెంటు, నిన్న జ్వరంతో చేరారు, షుగర్ ఉంది. ఇప్పుడు శ్వాస 22, పల్స్ 112, బీపీ 108, శాచురేషన్ 95, స్కోరు 7. పొద్దున 3 ఉండింది. యూరిన్ కూడా తగ్గింది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. అంతలోపు ఏమైనా మొదలుపెట్టమంటారా?' డాక్టర్ ఫోన్లో ఆర్డర్ చెబితే రాసుకుని, మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించాలి. పదిహేను అని చెప్పింది యాభైగా వినపడకుండా 'ఒకటి, ఐదు' అని అంకెలు విడివిడిగా చెప్పాలి. ఎంతసేపట్లో రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆమెకు తెలిసి ఉండాలి. ఆ రెండో నంబరు తెలియక అదే డాక్టర్‌కి పదేపదే చేస్తూ కూర్చునే సిస్టర్లను చూస్తూనే ఉంటాం. ఇంకో చిన్న విషయం. 'గ్యాస్ పట్టేసిందమ్మా' అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చెప్పిన పేషెంటుకు ముందు ఈసీజీ, తర్వాతే గ్యాస్ మాత్ర. ఇది తెలుగు రాని సిస్టర్లకు మొదటి వారంలోనే చెప్పాలి.

ఇక మందులు. నాలుగు పేజీల్లో ఒక పేజీ పూర్తిగా ఇదే. అందులోనూ రెండు మందుల దగ్గర మేం రాజీపడం, ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్.

ఇన్సులిన్‌తో మన దేశంలో ఉన్న చిక్కు ఏమిటంటే బజారులో రెండు బలాలు తిరుగుతున్నాయి. మామూలు వయల్ మి.లీ.కు 40 యూనిట్లది. పెన్ కాట్రిడ్జ్, కొన్ని వయల్స్ మి.లీ.కు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు. ఎర్ర మూతది 40ది, నారింజ మూతది 100ది. వార్డు ఫ్రిజ్‌లో ఫార్మసీ నుంచి వచ్చిన వయల్ పక్కనే పేషెంటు ఇంటినుంచి తెచ్చుకున్న వయల్ ఉంటుంది. రాత్రి రెండు గంటలకు చేతికి ఏది దొరికితే అది.

పరీక్షగా మేం ఇచ్చే కేసు ఇది. 60 కిలోల రోగి, షుగర్ బాగా పెరిగి కీటోన్లు వచ్చాయి. ఆర్డర్: 50 యూనిట్ల ప్లెయిన్ ఇన్సులిన్ 50 మి.లీ. నార్మల్ సెలైన్‌లో, గంటకు కిలోకు 0.1 యూనిట్. సిరంజి పంప్ మీద ఎంత పెట్టాలి, వయల్ నుంచి ఎంత తీయాలి?

లెక్క సులువే. 60 కిలోలకు గంటకు 6 యూనిట్లు. ద్రావణంలో మి.లీ.కు ఒక యూనిట్ ఉంది కాబట్టి పంప్ గంటకు 6 మి.లీ. 40 వయల్ నుంచి 50 యూనిట్లంటే 1.25 మి.లీ. ఎర్ర మూత సిరంజితో ఒకసారి నిండా 40, మరోసారి 10. సెలైన్ 48.75 మి.లీ. తీసుకుంటే మొత్తం 50 అవుతుంది. ఈ లెక్క దాదాపు అందరూ చేస్తారు. కానీ మొదలుపెట్టే ముందు పొటాషియం రిపోర్ట్ అడిగిందా అన్నది కూడా చూస్తాం. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తుంది. అది ముందే 3.5 కంటే తక్కువుంటే డాక్టర్‌తో మాట్లాడకుండా పంప్ ఆన్ చేయకూడదు.

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. వయల్ 100ది, సిరంజి ఎర్ర మూతది. ఆమె సిరంజి మీద 40, 10 గీతల వరకే తీసింది, కళ్లకు 50 యూనిట్లే కనిపించాయి. కానీ తీసింది 1.25 మి.లీ., అందులో ఉన్నవి 125 యూనిట్లు. పంప్ గంటకు 6 మి.లీ. ఇస్తుంటే రోగికి వెళ్లేది 6 కాదు, 15 యూనిట్లు. షుగర్ వేగంగా పడుతుంది. మామూలుగా గంటకు 50 నుంచి 75 మి.గ్రా. తగ్గాలి. అంతకు బాగా మించి పడితే రోగి స్పందన బాగుందని సంతోషించకుండా ముందు వయల్ చూడాలి.

తలకిందులుగా జరిగితే ఇంకా మోసకరం. వయల్ 40ది, సిరంజి నారింజ మూతది. 50 గీత వరకు తీస్తే అర మి.లీ., అంటే 20 యూనిట్లే. గంటకు 6 మి.లీ.తో వెళ్లేది 2.4 యూనిట్లు. షుగర్ దిగదు. డాక్టర్ చూసి పంప్‌ను 12కి పెంచమంటాడు. అప్పుడు కూడా వెళ్లేది 4.8 యూనిట్లే కాబట్టి ఏమీ జరగదు, అందరూ నిశ్చింతగా ఉంటారు. తర్వాతి షిఫ్ట్‌లో సిరంజి అయిపోతుంది. నైట్ సిస్టర్ సరైన పద్ధతిలో కొత్తది కలుపుతుంది. పంప్ మాత్రం 12 దగ్గరే ఉంది. ఇప్పుడు గంటకు 12 యూనిట్లు, కావాల్సినదానికి రెట్టింపు. అర్ధరాత్రి షుగర్ పడిపోతే, ఏ తప్పూ చేయని సిస్టర్ మీద నింద పడుతుంది. ఈ కేసును మేం బోర్డు మీద రాసి అంకెలన్నీ వాళ్ల చేతే వేయిస్తాం. సిరంజి మార్చిన ప్రతిసారీ మొదటి గంట షుగర్‌ని ఎందుకంత జాగ్రత్తగా చూడమంటున్నామో ఆ లెక్కతోనే అర్థమవుతుంది.

కాబట్టి ఈ గడిలో సంతకానికి మేం చూసేవి: వయల్ మీది బలాన్ని పైకి చదివిందా, సిరంజి మూత రంగు దానితో సరిపోయిందా, రెండో సిస్టర్ తనంతట తాను లెక్క వేసిందా. ఈ చివరిదాంట్లోనే మోసపోతాం. 'అక్కా, 50 యూనిట్లు తీశాను, చూస్తారా?' అంటే ఆ అక్క 50 కోసమే చూస్తుంది, 50 కనిపిస్తుంది. రెండో మనిషికి ఆర్డర్, వయల్, సిరంజి ఇచ్చి జవాబు చెప్పకుండా లెక్క అడగాలి. లేబుల్ మీద రోగి పేరు, యూహెచ్ఐడీ, మందు, మొత్తం యూనిట్లు, మి.లీ.కు ఎన్ని యూనిట్లు, కలిపిన సమయం, ఇద్దరి సంతకాలు ఉండాలి. లేబుల్ సిరంజికి అంటించాలి, పంప్‌కి కాదు. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టం గోడలకు అంటుకుంటుంది, అందుకని తగిలించే ముందు సుమారు 20 మి.లీ. లైన్ గుండా వదిలేస్తాం. మిగిలిన 30 మి.లీ. గంటకు 6 చొప్పున 5 గంటలు వస్తుంది. ఆ సమయానికి ముందే తర్వాతి సిరంజి గురించి హ్యాండోవర్‌లో చెప్పాలి. పెన్ కాట్రిడ్జ్‌లోకి సిరంజి గుచ్చి ఇన్సులిన్ తీయడం ఎవరు చేస్తున్నా అక్కడే ఆపాలి.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ 10 మి.లీ. ఉంటుంది, అందులో 20 మిల్లీఈక్వివలెంట్లు. పలచన చేయకుండా నేరుగా సిరలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ప్లాస్టిక్ ఆంప్యూల్లో వచ్చేది స్టెరైల్ వాటర్ ఆంప్యూల్‌లాగే కనిపిస్తుంది. యాంటీబయాటిక్ పొడి కలపడానికి తొందరలో ట్రేలోంచి ఒక ఆంప్యూల్ అందుకున్నప్పుడే ప్రమాదం. అందుకే వార్డు స్టాక్‌లో అది ఉండకూడదు. రోగి పేరు మీద ఫార్మసీ నుంచి రావాలి, మిగిలింది వెంటనే వెనక్కి పోవాలి. ఐసీయూలో ఉంచక తప్పదు కాబట్టి అక్కడ తాళం వేసిన విడి పెట్టెలో, ఎర్ర లేబుల్‌తో ఉంటుంది. కొత్త సిస్టర్ ఆ పెట్టె ఎక్కడుందో చూపించాలి, తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పాలి.

కలిపే పద్ధతిలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. స్టాండ్‌కి వేలాడుతున్న సెలైన్‌లోకే ఆంప్యూల్ ఎక్కించేయడం. పొటాషియం ద్రావణం బరువైనది. కలవకుండా కిందికి, సరిగ్గా డ్రిప్ సెట్ ఉన్న చోటికి దిగుతుంది. మొదటి కొన్ని నిమిషాల్లో రోగికి వెళ్లేది పలచన చేసిన మందు కాదు, దాదాపు గాఢమైన పొటాషియమే. బాటిల్ దించి, లైన్ తగిలించకముందే మందు కలిపి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ రాసి, అప్పుడు వేలాడదీయాలి. 500 మి.లీ.లో ఒక ఆంప్యూల్ కలిపితే లీటరుకు 40 అవుతుంది, చేతి సిరకు మేం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి అదే. గంటకు 10కి మించకూడదు కాబట్టి ఆ బాటిల్ రెండు గంటల కంటే తక్కువలో అయిపోకూడదు. మేం సాధారణంగా నాలుగు గంటలకు పెడతాం, అంటే గంటకు 125 మి.లీ. ఇన్ఫ్యూజన్ పంప్ దొరక్కపోతే, మి.లీ.కు 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 42 చుక్కలు. సెట్ కవర్ మీద 15 అని ఉందా, 20 అని ఉందా చూడకుండా ఈ లెక్క వేయకూడదు. చెయ్యి మంట పుడుతోందని రోగి చెబితే కాన్యులా చూడాలి, వేగం తగ్గించాలి. 'పొటాషియం అలాగే ఉంటుంది, ఓర్చుకోండి' అనడం సరైన జవాబు కాదు.

వ్యర్థాల అంశాన్ని మేం క్లాసులో చెప్పడం మానేశాం. రంగుల చార్ట్ చూపిస్తే అందరికీ వచ్చినట్టే ఉంటుంది. ఇప్పుడు ఒక ట్రేలో వాడిన డ్రిప్ సెట్, సూది, పగలని గాజు ఆంప్యూల్, రక్తం అంటిన కాటన్, గ్లవ్స్, గడువు తీరిన మందు పెట్టి వేయమంటాం. సెట్, గ్లవ్స్ ఎర్ర దాంట్లో, కాటన్, మందు పసుపు దాంట్లో, గాజు నీలం దాంట్లో, సూది తెల్ల డబ్బాలో. తెల్ల డబ్బా ముప్పావు నిండగానే మూసేయాలి. నిండా ఉన్న డబ్బాలోకి సూదిని అదిమేటప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. రెండో కారణం వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడం.

గుచ్చుకుంటే ఏం చేయాలో నోటితో అప్పజెప్పించం, నడిపిస్తాం. సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు. తర్వాత ఎవరికి ఫోన్, హెచ్ఐవీ నివారణ మందు మొదటి డోసు ఏ బీరువాలో ఉంది, రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంది, రోగి రక్త నమూనా ఎవరు పంపాలి. మందు మొదటి రెండు గంటల్లో పడితే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. కొత్తవాళ్లు ఇది దాచిపెడతారు, ఉద్యోగంలో చేరి వారం కాలేదు, తిడతారేమోనని. ఇన్‌ఛార్జ్ సిస్టర్ మొదటి రోజే ఆమెను వెంటబెట్టుకుని క్యాజువాలిటీలోని ఆ బీరువా దాకా తీసుకెళ్లి 'ఎప్పుడైనా గుచ్చుకుంటే డ్యూటీ వదిలేసి ముందు ఇక్కడికి రా, నీ బెడ్లు నేను చూసుకుంటా' అని చెబితే దాచడం తగ్గుతుంది.

రెండో వారంలో ప్రిసెప్టర్‌తో కలిసి నైట్ డ్యూటీ తప్పనిసరి. పగలు పదిమంది ఉండే చోట రాత్రి ఇద్దరే ఉంటారు, ఫార్మసీ కిటికీ దగ్గర ఒక్కరే, ల్యాబ్ రిపోర్ట్ ఫోన్లో వస్తుంది. అత్యవసర మందులు, పరికరాలు ఉండే క్రాష్ కార్ట్ అంశం ఆ రాత్రే చూస్తాం. సీల్ నంబరు రిజిస్టర్‌లోని నంబరుతో కలిసిందా, డీఫిబ్రిలేటర్ ప్లగ్ తీసి బ్యాటరీ మీద పరీక్షించిందా, లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా. సీల్ ఉందిగా అని లైటు చూడని వార్డులో, సీల్ వెనక సెల్ అయిపోయిన లారింగోస్కోప్ ఉండొచ్చు. అందుకే వారానికోసారి సీల్ తెంచి లోపలివన్నీ చూసి కొత్త సీల్ వేస్తాం, ఆ రోజు కొత్త సిస్టర్ చేత చేయిస్తాం.

రెండు వారాల్లో రాని పనులు ఉంటాయి. రక్తం ఎక్కించడం చాలామందికి ఈ లోపు తగలదు. అప్పుడు ఏం చేస్తామన్నది చెక్‌లిస్ట్ నిజాయితీకి పరీక్ష. ఖాళీ బ్యాగ్, క్రాస్‌మ్యాచ్ ఫారంతో ఒకసారి నాటకంలా చేయిస్తాం: ఇద్దరు సిస్టర్లు మంచం పక్కనే నిలబడి పేరు, యూహెచ్ఐడీ, గ్రూపు, బ్యాగ్ నంబరు, గడువు పైకి చదవడం, బ్లడ్ బ్యాంక్ నుంచి వచ్చిన అరగంటలో మొదలుపెట్టడం, మొదటి 15 నిమిషాలు రోగి పక్కనే ఉండటం, నాలుగు గంటల్లో పూర్తి చేయడం. దీనితో రెండో గడిలో సంతకం పడుతుంది. మూడోది ఖాళీగానే ఉంటుంది.

పద్నాలుగో రోజు ఎడ్యుకేటర్, ఇన్‌ఛార్జ్, కొత్త సిస్టర్ ముగ్గురూ కూర్చుని ఫారం చూస్తారు. ఖాళీగా ఉన్న మూడో గడులన్నీ ఒక విడి కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం వార్డు డ్యూటీ ఫైల్లో ఉంటుంది, రోస్టర్ వేసేవాళ్లకు కనపడేచోట. ఆమె పేరు ఎదురుగా 'రక్తం ఎక్కించడం: తోడు కావాలి' అని ఉంటే ఆ షిఫ్ట్‌లో ఆ పని వచ్చినప్పుడు మరొకరు పక్కన నిలబడాలి. చూసినవాళ్లు ఆ రోజే సంతకం చేసి గీత కొట్టేస్తారు. గుర్తింపు, ఇన్సులిన్, పొటాషియం ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆమెకు ఒంటరిగా బెడ్లు ఇవ్వం, ఓరియెంటేషన్ ఇంకో వారం సాగుతుంది. మిగతావాటికి మూడు నెలల గడువు. ఆ గడువు తేదీని కాగితం మీద పైనే రాసి, ఆ రోజున ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఏ రెండు అంశాలను ముందు చెప్పకుండా మళ్లీ చూడబోతున్నారో ఎడ్యుకేటర్ తన డైరీలో వేరుగా రాసుకుంటుంది.